‘కుంజరః’ అన్న మాటను పిల్లలకు ఎలా చెప్పాలి

ప్రశ్న: హన్మకొండలో మా కాలనీ గుడిలో ప్రతి ఆదివారం పొద్దున ముప్పావు గంట సేపు పిల్లల తరగతి నడుపుతున్నాను. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. వచ్చే వారం సత్యం మీద పాఠం పెట్టుకున్నాను. ధర్మరాజు కథ చెబుదామనుకుంటుండగానే ఒక పాప ‘టీచర్, ధర్మరాజు గూడ అబద్ధం ఆడిండట గదా’ అన్నది. ఆ అశ్వత్థామ ఘట్టం వదిలేసి మిగతా కథ చెప్పాలా, లేక హరిశ్చంద్రుడి కథ చెప్పడం మేలా?

సమాధానం:

అమ్మా, నమస్కారం. ఆ ఘట్టాన్ని వదలవద్దు. మిగతా కథను పక్కన పెట్టి, పాఠమంతా ఆ ఒక్క ఘట్టం మీదనే నడపండి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్న తరువాత, వరంగల్ కోట వైపు ఒక చిన్న గుడిలో పదహారేళ్ళుగా ఆదివారపు తరగతి చెబుతున్నాను. సత్యం మీద నేను చెప్పిన పాఠాలలో పిల్లలకు ఎక్కువ కాలం గుర్తున్నది ఇదొక్కటే. నేను బాగా పాడుచేసిన పాఠం కూడా ఇదే కనుక, ఆ పొరపాటుతో సహా చెబుతాను.

హరిశ్చంద్రుడి సంగతి ముందుగా రెండు మాటలు. ఆ కథ మార్కండేయ పురాణంలో విస్తారంగా ఉంది. మన ఊళ్ళలో పద్యనాటకం ద్వారా, అందులోని కాటి సీను ద్వారా అందరికీ తెలిసింది. పెద్దలకు అది గొప్ప కథే కానీ, ఎనిమిదేళ్ళ పిల్లల మనసులో మిగిలేది సత్యం కాదు, తండ్రి భార్యాబిడ్డలను అమ్మడం. ఒకసారి కథ పూర్తయ్యాక ఒక చిన్నవాడు ‘మా బాపు గూడ నన్ను అమ్ముతడా సార్’ అని అడిగాడు. పైగా ఆ కథలో సత్యమంటే ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం. మీ పిల్లలకు రోజూ ఎదురయ్యే చిక్కు వేరు: అడిగిన ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలన్నది. ఆ చిక్కు సరిగ్గా ద్రోణపర్వంలో ఉంది.

చెప్పేవారికి ఆ ఘట్టం వివరంగా తెలిసి ఉండాలి, ఎందుకంటే మనం చిన్నప్పటి నుంచి విన్న రూపానికీ వ్యాసభారతంలో ఉన్న రూపానికీ తేడాలు ఉన్నాయి, ఆ తేడాలలోనే పాఠం ఉంది. యుద్ధంలో అది పదిహేనో రోజు. భీష్ముడు పదో రోజున పడిపోయాక ద్రోణుడు సేనాపతి అయిన ఐదో రోజు. ముందు రాత్రి కూడా యుద్ధం ఆగలేదు, ఘటోత్కచుడు ఆ రాత్రే చనిపోయాడు. ద్రోణుని ధాటికి పాండవసైన్యం కరిగిపోతుంటే, చేతిలో ఆయుధం ఉన్నంత వరకు ఆయనను ఎవరూ గెలవలేరనీ, కొడుకు అశ్వత్థామ చనిపోయాడని వింటే ఆయన యుద్ధం మానేస్తాడనీ, ఎవరైనా ఆ మాట చెప్పాలనీ శ్రీకృష్ణుడు అంటాడు. ఇక్కడ వ్యాసుడు ఒక్క శ్లోకంలో ముగ్గురి స్పందన చెబుతాడు: ఆ ఆలోచన అర్జునునికి నచ్చలేదు, మిగతావారందరికీ నచ్చింది, ధర్మరాజు కష్టం మీద ఒప్పుకున్నాడు. ఈ ఒక్క వివరాన్ని తప్పకుండా చెప్పండి. శ్రీకృష్ణునికి ప్రాణమిత్రుడైన అర్జునుడే ఆ పనిని ఇష్టపడలేదన్న సంగతి తరువాత మీకు చాలా అక్కరకు వస్తుంది.

అప్పుడు భీముడు తమ సైన్యంలోనే ఉన్న, మాళవరాజు ఇంద్రవర్మకు చెందిన అశ్వత్థామ అనే ఏనుగును చంపి, సిగ్గుపడుతూనే ద్రోణుని దగ్గరకు వెళ్ళి ‘అశ్వత్థామ చచ్చాడు’ అని కేక వేశాడు. ద్రోణుడు ఒక్క క్షణం ఒళ్ళు సడలినవాడయ్యాడు గానీ, తన కొడుకు బలం తెలిసినవాడు కనుక నమ్మలేదు, యుద్ధం ఆపలేదు. తరువాత ధర్మరాజును అడిగాడు. ఎందుకంటే మూడు లోకాల రాజ్యం ఇస్తామన్నా ధర్మరాజు అబద్ధం ఆడడని ఆయనకు గట్టి నమ్మకం. ఇటు శ్రీకృష్ణుడు ధర్మరాజుతో, ద్రోణుడు ఇంకో సగం రోజు ఇలాగే పోరాడితే నీ సైన్యం మిగలదు, ప్రాణాలు కాపాడటానికి ఆడిన అబద్ధం పాపం కాదు అన్నాడు. అబద్ధమంటే భయంలో మునిగి ఉన్నవాడు, గెలుపు మీద ఆశ ఉన్నవాడు అయిన ధర్మరాజు ‘అశ్వత్థామా హతః’ అని, ‘కుంజరః’ అన్న మాటను వినబడీ వినబడనట్టు అన్నాడు. భయమూ ఆశా రెండింటినీ వ్యాసుడు ఒకే శ్లోకంలో పక్కపక్కనే పెట్టాడు. అంతకు ముందు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున ఉండే ఆయన రథం, ఆ మాట అనగానే కిందికి దిగి, గుర్రాలు నేలను తాకాయి.

‘అశ్వత్థామ హతః... నరో వా కుంజరో వా’ అని, అంటే చచ్చింది మనిషో ఏనుగో నాకు తెలియదన్నట్టుగా, జనం నోళ్ళలో నానుతున్న రూపం మూలంలో లేదు. అది చెబితే ధర్మరాజుకే సంగతి తెలియదేమో అన్న అనుమానం పిల్లలకు వస్తుంది. ఆయనకు పూర్తిగా తెలుసు. అలాగే ‘కుంజరః’ అనే సమయానికి శ్రీకృష్ణుడు శంఖం ఊదాడనో, భేరీలు మోగించారనో మనం వింటాం. ఆ మాటలు జనశ్రుతిలో అందంగానే ఉంటాయి కానీ, పిల్లల పాఠంలో వాటి వల్ల వచ్చే నష్టం ఏమిటో నాకు అనుభవం మీద తెలిసింది.

మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు నేనూ శంఖం ఊదించాను. మా గుడిలో నిజమైన శంఖమే ఉంది కనుక పూజారి గారిని బతిమాలి సరైన చోట ఊదించాను కూడా. పిల్లలు ఎగిరి గంతులు వేశారు, నేను పాఠం బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నాను. రెండు వారాల తరువాత ఒక తల్లి వచ్చి, ‘సార్, మీరేం చెప్పిండ్రో గానీ మావోడు కొత్త ఇద్దె నేర్చిండు’ అన్నది. హోంవర్క్ అయిందా అని అడిగితే ‘అయ్యింది’ అని గట్టిగా అని, వెనక్కి తిరిగి ‘నిన్నటిది’ అని గొణుగుతున్నాడట. పట్టుకుని అడిగితే ‘నేను అబద్ధం ఆడలే, కుంజరః అన్న’ అన్నాడట. ఆమె నవ్వుతూనే చెప్పింది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శంఖం మోగడంతో తప్పంతా చప్పుడు మీదికి పోయింది: ధర్మరాజు నిజమే చెప్పాడు, శంఖం వల్ల ద్రోణునికి వినబడలేదు, అంతే. పిల్లవానికి నేను సత్యం నేర్పలేదు, సత్యం లాగా వినిపించే ఒక ఉపాయం నేర్పాను.

అందుకే ఈ పాఠంలో పిల్లలకు అందవలసినది ఒక్కటే సంగతి. ధర్మరాజు నోటి నుంచి వచ్చిన మాటలలో ఒక్కటి కూడా అబద్ధం కాదు, అయినా రథం కిందికి దిగింది. ఎందుకు దిగింది? మీరు జవాబు చెప్పకుండా, పిల్లలే అక్కడికి వచ్చేలా ముప్పావు గంట నడపాలి.

కథకు పదిహేను నిమిషాలు చాలు. మొదలుపెట్టే ముందే రెండు మాటల అర్థం చెప్పండి: హతః అంటే చంపబడినవాడు, కుంజరం అంటే ఏనుగు. ఈ రెండూ ముందే తెలియకపోతే అసలు చోటికి వచ్చాక కథ ఆపి అర్థం చెప్పవలసి వస్తుంది, అప్పుడు పట్టు పోతుంది. అశ్వత్థామ పుట్టగానే గుర్రంలా సకిలించాడనీ, అందుకే ఆ పేరు పెట్టారనీ చెబితే, ‘గుర్రం పేరు ఏనుగుకు పెట్టిండ్రా’ అని పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వుతో పేరు బాగా గుర్తుండిపోతుంది, ఒకే పేరుతో ఇద్దరున్నారన్న కీలకమూ తెలుస్తుంది. రామప్ప గుడి చూసిన పిల్లలుంటే, గుడి అడుగు భాగం చుట్టూ వరుసగా చెక్కిన ఏనుగులను గుర్తు చేయండి. యుద్ధపుటేనుగు అంటే ఏమిటో చెప్పే పని తప్పుతుంది.

కథలో రెండు చోట్ల ఆగాలి. మొదటిది, ద్రోణుడు భీముని మాట నమ్మకుండా ధర్మరాజు వైపు తిరిగిన చోట. ‘అంతమంది ఉండగా శత్రుపక్షపు రాజునే ఎందుకు అడిగాడు’ అని అడగండి. ‘ఆయన అబద్ధమాడడు కాబట్టి’ అని వెంటనే వస్తుంది. అక్కడితో వదలకుండా, ‘అది ద్రోణునికి ఎట్లా తెలుసు’ అని ఇంకో ప్రశ్న వేయండి. ద్రోణుడు వీళ్ళందరికీ చిన్నప్పటి గురువు కనుక వాళ్ళను ఆడుకునే వయసు నుంచి చూశాడన్న సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇన్నేళ్ళ నమ్మకం ఉన్నందువల్లనే ఆ ఒక్క మాట అంత బలంగా తగిలిందని అప్పుడు వాళ్ళకే తోస్తుంది. అదే అబద్ధం భీముడు చెబితే పని చేయలేదు కదా.

రెండోది, ధర్మరాజు నోరు తెరవబోయే చోట. ఇక్కడ ఆపి, ఆయన స్థానంలో మీరుంటే ఏమంటారని అడగండి, పది నిమిషాలైనా పట్టనివ్వండి. పాఠంలో సారమంతా ఇక్కడే ఉంది. మా తరగతిలో ఒకసారి జరిగింది చెబుతాను. ఒకడు ‘ఏనుగు సచ్చిందని గట్టిగ చెప్తా’ అన్నాడు. ఇంకొకడు ‘అట్లయితే అందరం సస్తం’ అని వాదించాడు. పదేళ్ళ పాప ఒకతె ‘ఊకుంటే అయిపాయె గదా సార్, ఏం మాట్లాడకుంట’ అన్నది. నేను మెచ్చుకోబోతుండగానే వెనుక నుంచి ఇంకో పాప, ‘ఊకుంటే గూడ ద్రోణుడు నిజమే అనుకుంటడు, కొడుకు సచ్చిండని చెప్పలేక ఊకున్నడనుకుంటడు’ అన్నది. ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు, లేదని ఒప్పుకున్నాను. మౌనం అబద్ధం కాదు గానీ, ఒక్కోసారి మౌనం కూడా అవతలివారిని తప్పు నమ్మకంలోకి తోస్తుందన్నది నేను తయారు చేసుకున్న పాఠంలో లేదు, ఆ పిల్ల వల్ల చేరింది. చివరకు మొదటి పాపే ‘మీకు నేను చెప్పను, నన్ను అడగకండి అంటా’ అని ఇంకో దారి కనిపెట్టింది. ఆ జవాబుతో యుద్ధం గెలుస్తారా లేదా అన్నది వేరే సంగతి. అది మాత్రం ఎవరినీ మోసం చేయని జవాబు.

ఆ తరువాత కథ ముగించి రథం సంగతి చెప్పేటప్పుడు చేతితో చూపించండి. ఒక పిల్లవాణ్ణి పిలిచి, బొటనవేలు విడిచి నాలుగు వేళ్ళను జోడించి బల్ల మీద పక్కకు నిలబెట్టమనండి. వాటి మీద పలక ఆనించండి. బల్లకూ పలకకూ మధ్య ఎంత ఎడముందో అందరికీ కనబడుతుంది, మూడంగుళాల కంటే కొంచెం తక్కువ. ‘కుంజరః’ అని గొణగగానే వేళ్ళు తీసేయమనండి, పలక టప్పున పడుతుంది. శంఖం కన్నా ఈ చప్పుడు మంచిది, ఎందుకంటే ఇది తప్పు జరిగిన చోట మోగుతుంది.

ఇప్పుడు బోర్డు మీద మూడు గడులు గీసి, మొదటి దానిపై ‘అన్న మాట’ అని, రెండో దానిపై ‘విన్నవారు నమ్మింది’ అని, మూడో దానిపై ‘నిజంగా జరిగింది’ అని రాయండి. ధర్మరాజు వరుస పిల్లల చేతనే నింపించండి. మొదటి గడిలో అశ్వత్థామ చచ్చాడు, రెండో గడిలో కొడుకు చచ్చాడు, మూడో గడిలో ఏనుగు చచ్చింది. మొదటి గడినీ మూడో గడినీ పోల్చితే తప్పు కనబడదు. రెండో గడినీ మూడో గడినీ పోల్చితేనే కనబడుతుంది. పిల్లలు దీన్ని చూసి నిజంగా ఉలిక్కిపడతారు, ఎందుకంటే ఇన్నాళ్ళూ వాళ్ళు మొదటి, మూడో గడులనే సరిచూసుకుంటూ వచ్చారు. మా హోంవర్క్ వీరుని కథను పేరు చెప్పకుండా తరువాతి వరుసలో పెట్టాను: ‘అయ్యింది’ అన్నది మాట, ‘ఈ రోజుది అయ్యింది’ అని అమ్మ నమ్మింది, జరిగింది నిన్నటిది. వాడు తరగతిలోనే ఉన్నాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు, కానీ మూడో వరుసకు ఉదాహరణ ఇచ్చింది వాడే. ప్రసాదం లడ్డూలు రెండు తీసుకుని, అడిగితే ‘ఒకటి తీసుకున్న’ అంటే ఎట్లా అని. ఒకటి తీసుకున్నమాట నిజమే కదా.

నాలుగో వరుసలో మాత్రం మీరే ఒక భిన్నమైన ఉదాహరణ పెట్టాలి, లేకపోతే పాఠం ఒక పక్కకు ఒరిగిపోతుంది. కాజీపేటకు బస్సు పదింటికి అని ఒకరు చెప్పారు, అవతలివారు పదింటికి వచ్చారు, బస్సు తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయింది. ఇక్కడా రెండో గడి, మూడో గడి కలవలేదు. మరి ఇది అబద్ధమా? చెప్పినవారికి తెలియదు కనుక కాదని, అది పొరపాటని పిల్లలు తేల్చాలి. చెప్పేవారికి మూడో గడి తెలిసి ఉండి కూడా రెండో గడిని వేరుగా నింపడమే ధర్మరాజు చేసిన పని. ఈ వరుస పెట్టని ఏడాది ఒక పిల్ల, పొరపాటున తారీఖు తప్పు చెప్పిన తన నాయనమ్మను అబద్ధాలకోరు అన్నదట.

ఇక మీకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్నలు నాలుగైదు ఉన్నాయి, వాటిలో మూడింటికి ముందే సిద్ధపడి వెళ్ళండి. ‘ఏనుగు ఏం తప్పు జేసింది’ అన్నది అందరికంటే చిన్న పిల్లలు అడుగుతారు. ఏ తప్పూ చేయలేదు, పైగా అది పాండవుల పక్షాన ఉన్న ఏనుగే అని నేరుగా చెప్పండి. ఒక అబద్ధాన్ని నిజంలా చూపించడానికి తమ ఏనుగునే చంపుకోవలసి వచ్చిందన్నమాట. దాన్ని సమర్థించే ప్రయత్నం చేయవద్దు, ఆ వయసు పిల్లలు ఆ సంగతిలో మనకంటే సూటిగా ఆలోచిస్తారు.

రెండోది, గుడి తరగతిలో మిమ్మల్ని అందరికంటే ఇబ్బంది పెట్టేది: ‘కృష్ణుడే చెప్పమన్నడు గదా, మరి తప్పెట్లయితది?’ దీనికి రెండు తప్పుడు దారులున్నాయి. దేవుడు చెప్పాడు కనుక తప్పు లేదనడం ఒకటి. అప్పుడు రథం ఎందుకు దిగిందో చెప్పలేరు. శ్రీకృష్ణునిదే తప్పనడం రెండోది. పిల్లలు ఇంటికి వెళ్ళి ఆ మాట చెబితే మరుసటి వారం సగం మంది రారు, పైగా అది కథకు న్యాయం కూడా కాదు. కథలో ఉన్నదే చెప్పండి. సైన్యాన్ని కాపాడాలన్నది శ్రీకృష్ణుని మాట, ఆ మాట విని కూడా అర్జునుడు ఇష్టపడలేదు, ధర్మరాజు ఒప్పుకున్నాడు, దిగింది ధర్మరాజు రథం. నోటితో అన్నది ఎవరో, దాని బరువు వారిదే. ద్రోణుడు చనిపోయాక అర్జునుడు అన్నగారిని నిలదీసి, వాలిని చంపినందుకు రాముని మీద నింద నిలిచినట్టే ద్రోణుని విషయంలో నీ మీద నింద లోకంలో నిలిచిపోతుందన్న మాట కూడా అక్కడే ఉంది. తమ్ముడు అన్నను, అదీ రాజును, అందరి ముందూ అలా అడగడం పిల్లలకు భలే నచ్చుతుంది.

మూడోది, ‘అబద్ధం ఆడినా గెలిచిండ్రు గదా సార్’ అన్నది. గెలిచారు, దాన్ని దాచవద్దు. కానీ ఆ గెలుపు వెనుక వచ్చినవి కూడా చెప్పండి. తండ్రి ఎలా చనిపోయాడో తెలిసిన అశ్వత్థామ ఆ రోజే నారాయణాస్త్రం వేశాడు. యుద్ధం ముగిసిన రాత్రి అతడు చేసిన పనిని, నిద్రలో ఉన్నవారిని చంపడాన్ని, పన్నెండేళ్ళ లోపు వారికి వర్ణించి చెప్పకండి. ‘ఆ కోపం అక్కడితో ఆగలేదు’ అంటే చాలు. చివరకు స్వర్గారోహణపర్వంలో ధర్మరాజుకు కొద్దిసేపు నరకం చూపిస్తారు. కొడుకు విషయంలో ద్రోణుణ్ణి కపటంతో మోసగించావు కనుక నీకూ కపటంతోనే నరకం చూపించామని ఇంద్రుడు అంటాడు. నరకమనగానే భయపెట్టే గొంతు పెట్టకండి. అక్కడ తన తమ్ముల గొంతులు వినిపించి, వీళ్ళు ఇక్కడ ఉంటే నేనూ ఇక్కడే ఉంటానని ధర్మరాజు కదలకుండా నిలబడ్డ సంగతి చెప్పండి. ఒకే మనిషిలో ఆ గొణుగుడూ ఈ నిలకడా రెండూ ఉన్నాయని పిల్లలు తేలికగానే ఒప్పుకుంటారు, ఒప్పుకోలేనిది పెద్దలే. ధర్మరాజును తక్కువ చేసి చెబుతున్నానని ఒక పెద్దాయన మా గుడి కమిటీకి ఫిర్యాదు చేశారు. ఆయనను ఒక ఆదివారం వెనుక కూర్చోబెట్టాను. వెళ్ళేటప్పుడు ఏమీ అనలేదు, ఫిర్యాదును వెనక్కి తీసుకోనూ లేదు, మరుసటి వారం మనవణ్ణి మాత్రం పంపించారు.

ఈ పాఠానికి ఒక హద్దు ఉంది, అది మీకు తెలిసి ఉండాలి. దొంగ తలుపు కొట్టి ‘మీ నాయన ఎక్కడ’ అని అడిగితే నిజం చెప్పాలా అని ఎప్పుడో ఒకప్పుడు ఒక పిల్లవాడు అడుగుతాడు. భారతం దానికి జవాబు కర్ణపర్వంలో ఇచ్చింది: కౌశికుడనే తాపసి, నిజమే చెప్పాలన్న వ్రతం కొద్దీ, పారిపోయి దాక్కున్నవారి జాడను దొంగలకు చెప్పాడు, వాళ్ళు చనిపోయారు, ఆయన నరకానికి పోయాడు. ఆ కథ చెబుతున్నది శ్రీకృష్ణుడే. ఇది పదమూడేళ్ళు దాటిన పిల్లలకు గొప్ప పాఠం. మీ వయసు పిల్లలకు అదే రోజున చెబితే మాత్రం, తమ ప్రతి అబద్ధమూ కౌశికుని లెక్కలోకే వస్తుందని తీర్మానించుకుంటారు. నేనైతే ‘ప్రాణం పోయే చోట లెక్క వేరు, ఆ కథ పెద్ద తరగతిలో చెబుతా’ అని దాటేస్తాను. దాటేస్తున్నానని వాళ్ళకు చెప్పే దాటేస్తాను.

చివరి ఐదు నిమిషాలలో ‘ఈ వారం మీరాడిన అబద్ధం చెప్పండి’ అని మాత్రం అడగకండి. నేను అడిగాను. మొదటివాడు నిజమే చెప్పాడు, అందరూ నవ్వారు, మిగతావారంతా కల్పించి చెప్పారు, సత్యం మీద పాఠంలో ఇరవై కొత్త అబద్ధాలు పుట్టాయి. దానికి బదులుగా ఒక ఖాళీ వరుసను నోటుబుక్కులో గీసుకుని వెళ్ళమనండి, మూడు గడులతో. నింపాలా వద్దా అన్నది వారి ఇష్టం, ఎవరికీ చూపించనక్కర లేదు. తీసుకెళ్ళడానికి వచ్చే తల్లిదండ్రులతో గేటు దగ్గర ఒక్క మాట చెప్పండి: ఈ వారం పిల్ల వచ్చి ఏదైనా ఒప్పుకుంటే, ఆ ఒక్కసారికి చేయి ఎత్తవద్దని.

పాఠం పట్టుబడిందా లేదా అన్నది ఆ రోజు తెలియదు. తరువాతి ఆదివారం, పోయిన వారం రాని పిల్లవానికి కథ చెప్పమని ఎవరినైనా లేపండి. ‘ధర్మరాజు మెల్లగ అన్నడు, అందుకే తప్పు’ అంటే ఇంకా శంఖం దగ్గరే ఉన్నారని అర్థం; బోర్డు మీద మూడు గడులు మళ్ళీ గీయవలసి ఉంటుంది. ‘ద్రోణుడు ఏమనుకుంటున్నడో ధర్మరాజుకు తెలుసు, తెలిసి గూడ అనుకోనిచ్చిండు’ అన్నారంటే అందింది. నాకు ఈ రెండో జవాబు ఇచ్చినవాడు ఆ హోంవర్క్ పిల్లవాడే, కాకపోతే మూడేళ్ళ తరువాత, కొత్తగా వచ్చిన తన చెల్లెలికి మెట్ల మీద కూర్చుని కథ చెబుతుండగా విన్నాను.